అజాన్ యాప్‌కి ఎంత ఇజాజత్ ఇవ్వాలి?



ఫోన్‌లో ఏ యాప్‌కి ఏ ఇజాజత్ ఇచ్చామన్న మాట రాగానే మన ఇళ్లలో అందరి చూపూ పిల్లల ఆటల మీదకో, అప్పులిచ్చే యాప్‌ల మీదకో పోతుంది. అజాన్ యాప్ మీదకు మాత్రం ఎవరి చూపూ పోదు. అది దీన్‌కి సంబంధించినది కదా, దాన్ని షక్ చేయడమేమిటి అనుకుంటాం. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ నాకు తెలిసిన ఇళ్లలో నానీ ఫోన్ నుంచి ఇంటర్ చదివే పిల్ల ఫోన్ దాకా ఏదో ఒక నమాజు వేళల యాప్ ఉంది. అది అడిగినవన్నీ ఇచ్చేసి ఉన్నాయి కూడా. నా అభిప్రాయం ఏమిటంటే, ఫోన్ తనిఖీ మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. ఆ యాప్‌లన్నీ చెడ్డవని కాదు. మనం అడగడం మానేసిన చోటే ఎవరైనా దూరగలరు గనక.

ఊరికే అంటున్న మాట కాదిది. 2020 నవంబర్‌లో అమెరికాకు చెందిన మదర్‌బోర్డ్ అనే వార్తా సంస్థ ఒక కథనం వేసింది. ప్రపంచమంతటా కోట్ల మంది దించుకున్న ముస్లిం ప్రో అనే యాప్ నుంచి వాడేవాళ్ల లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే కంపెనీకి వెళ్తున్నాయని, ఆ కంపెనీ తన దగ్గర పోగైన వివరాలను అమెరికా రక్షణ కాంట్రాక్టర్లకు అమ్ముతోందని, వారి ద్వారా అవి సైన్యం దాకా చేరుతున్నాయని అందులో రాశారు. తాము నేరుగా సైన్యానికి ఏదీ అమ్మలేదని యాప్ వాళ్లు అన్నారు. అంటూనే ఎక్స్-మోడ్‌తో ఉన్న ఒప్పందాన్ని తెంచుకున్నారు. ఆ డిసెంబర్‌లోనే గూగుల్, ఆపిల్ రెండూ ఎక్స్-మోడ్ కోడ్‌ని యాప్‌ల నుంచి తీసేయమని వాటిని తయారుచేసేవారికి హుకుం జారీ చేశాయి. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అదే కంపెనీ మీద చర్య తీసుకుంటూ, ఈ లొకేషన్ వివరాలతో మనిషి ఏ ఆసుపత్రికి వెళ్లాడో, ఏ ప్రార్థనా స్థలానికి వెళ్లాడో కనిపెట్టవచ్చని చెప్పింది.

రెండో సంగతి 2022 ఏప్రిల్‌లో బయటపడింది. అల్ మొఅజ్జిన్ లైట్ అనే నమాజు వేళల యాప్‌లోనూ, ఒక ఖిబ్లా యాప్‌లోనూ, వాటితోపాటు దీన్‌తో సంబంధం లేని మరికొన్ని యాప్‌లలోనూ ఒకే కంపెనీ కోడ్ దాగి ఉందని ఇద్దరు పరిశోధకులు కనిపెట్టారు. ఆ కోడ్ ఫోన్ నంబర్లనీ, ఖచ్చితమైన లొకేషన్‌నీ, ఇంట్లోని వైఫై పెట్టె గుర్తింపునీ పోగుచేస్తోంది. గూగుల్ వాటిని ప్లే స్టోర్ నుంచి తీసేసింది. ఆ కోడ్ తొలగిస్తే మళ్లీ రావచ్చని చెప్పింది.

ఈ రెండు వాఖియాల్లోనూ గమనించాల్సింది ఒకటే. యాప్ రాసినవాడు ఒకడు, సమాచారం పట్టుకుపోయినవాడు ఇంకొకడు. యాప్ రాసేవాళ్లు అన్నీ తామే రాసుకోరు. ప్రకటనల కోసం ఒకటి, లెక్కల కోసం ఒకటి, బయటి కంపెనీలు రాసిచ్చిన తయారు కోడ్ ముక్కలను తెచ్చి లోపల అతికిస్తారు. వాటినే ఎస్‌డీకే అంటారు. కొన్ని కంపెనీలు తమ ముక్క పెట్టుకున్నందుకు యాప్ వాళ్లకే ఎదురు డబ్బిస్తాయి. మీరు యాప్‌కి ఇచ్చిన ఇజాజత్ ఆ ముక్కలన్నింటికీ వర్తిస్తుంది. ఒక మెహమాన్‌ని లోపలికి రమ్మంటే అతని వెనకాల ఎంతమంది వస్తున్నారో తెలియని తలుపు అది. అందుకే 'ఈ యాప్ మంచిదా, చెడ్డదా' అన్న సవాలుతో పని జరగదు. 'ఈ పనికి ఈ వస్తువు నిజంగా కావాలా, కావాలంటే ఎంత కావాలి' అని అడగాలి.

మన జిల్లాల లెక్కతోనే అడిగి చూద్దాం.

నమాజు వేళలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి. సూర్యుడు ఒక డిగ్రీ రేఖాంశం దాటడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. శ్రీకాకుళం సుమారు 83.9 డిగ్రీల మీద ఉంది, విజయనగరం 83.4 మీద. తేడా అర డిగ్రీ. అంటే జొహర్ వేళ శ్రీకాకుళంలో రెండు నిమిషాలు ముందు మొదలవుతుంది. తూర్పు చివర ఇచ్ఛాపురం నుంచి పడమర సాలూరు దాకా లెక్కవేసినా ఆరు నిమిషాలే. మన పాత జంత్రీలు చేసేది కూడా ఇదే. ఒక ఊరికి వేళలు వేసి, పక్క ఊళ్లకు ఇన్ని నిమిషాలు కలపండి, తీసేయండి అని అడుగున రాస్తారు. ఒకే ఊరిలో అయితే కిలోమీటరు తూర్పుకో పడమరకో జరిగితే వచ్చే తేడా రెండు సెకన్ల పైచిలుకు. బాబామెట్టలో ఉన్నవారికీ కంటోన్మెంట్‌లో ఉన్నవారికీ వేరువేరు వేళలు అక్కర్లేదు. మస్జిద్‌లో మౌజన్ సాబ్ మైక్ సర్దుకునే లోపు ఆ తేడా చెల్లిపోతుంది.

మరి యాప్ అడుగుతున్నదేమిటి? మీరు ఇంట్లో ఏ మూల కూర్చున్నారో తెలిసేంత ఖచ్చితమైన లొకేషన్. అది కూడా రాత్రింబవళ్లు. పనికి కావాల్సింది ఊరి పేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే అమ్ముకునే సరుకు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. లొకేషన్ మీటర్లతో సహా ఇచ్చేసిన ఫోన్లలో అసర్ లెక్క ఏ మజ్‌హబ్ మీద ఉందో చాలామంది చూడరు. హనఫీ పద్ధతికీ, మిగతా ఇమాముల పద్ధతికీ మన అక్షాంశంలో అసర్ వేళలో తేడా చలికాలం ముప్పావుగంట, ఎండాకాలం గంటంబావు దాకా ఉంటుంది. హనఫీ జమాత్‌లో నమాజు చదివేవారి యాప్‌లో `Asr` ఎదురుగా `Standard` అని ఉంటే, ఆకాశంలోని ఉపగ్రహాలన్నీ కలిసి లొకేషన్ చెప్పినా వేళ మస్జిద్‌తో కలవదు. వేళ తప్పు వస్తోందని మళ్లీ లొకేషన్ ఆన్ చేసుకునేవారు ముందు ఆ సెట్టింగ్ చూడాలి.

ఖిబ్లా సంగతీ అంతే. లెక్కవేస్తే శ్రీకాకుళం నుంచి కాబా షరీఫ్ దిశ ఉత్తరం నుంచి 282 డిగ్రీలు, అంటే నేరుగా పడమరకు పన్నెండు డిగ్రీలు ఉత్తరం వైపు. విజయనగరం నుంచి లెక్కవేసినా అదే 282. రెండు ఊళ్ల మధ్య తేడా పావు డిగ్రీ కూడా లేదు. ఇనప బీరువా పక్కన నిలబడితే ఫోన్‌లోని దిక్సూచి దానికి ఎన్నో రెట్లు తప్పు చూపిస్తుంది. ఆ దిక్సూచి వాడుకోవడానికి ఆండ్రాయిడ్‌లో మీ ఇజాజతే అక్కర్లేదు. కాబట్టి 'లొకేషన్ ఇవ్వకపోతే ఖిబ్లా ఎలా తెలుస్తుంది' అన్న మాట సగమే నిజం. ఊరు చెబితే చాలు.

ఇక తనిఖీ. ఆండ్రాయిడ్ ఫోన్‌లో `Settings`, అందులో `Apps`, అందులో ఆ యాప్, అందులో `Permissions`. ఫోన్ కంపెనీని బట్టి మాటలు కొంచెం మారతాయి. తెలుగులో పెట్టుకున్న ఫోన్‌లో తెలుగులో ఉంటాయి. అక్కడ `Location` నొక్కితే కనిపించేవాటిలో `Allow all the time` అన్నది ఒక్కటే అసలు ప్రమాదం. మీరు యాప్ తెరవకపోయినా, ఫోన్ దిండు పక్కన ఉన్నా, మీరు ఎక్కడున్నారో చూడొచ్చని దాని అర్థం. దాన్ని తీసేసి `Allow only while using the app` పెట్టాలి. ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో కిందనే `Use precise location` అని ఒక మీట ఉంటుంది. దాన్ని ఆపేస్తే యాప్‌కి సుమారు మూడు చదరపు కిలోమీటర్ల ప్రాంతం మాత్రమే తెలుస్తుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం వేళలో తేడా నాలుగైదు సెకన్లు దాటదు. ఆ మీట లేని పాత ఫోన్లలో యాప్ లోపల ఊరు చేత్తో ఎంచుకుని, లొకేషన్‌కి `Don't allow` పెట్టేయవచ్చు. నన్నడిగితే ప్రయాణాలు తక్కువ చేసే పెద్దవాళ్ల ఫోన్లలో ఏ ఫోన్ అయినా ఇదే మేలు. ఊరు ఎంచుకోనివ్వని యాప్ ఉంటే దాన్ని తీసేసి, ఎంచుకోనిచ్చేది పెట్టుకోండి.

లొకేషన్ తర్వాత చూడాల్సింది `Phone`. 'కాల్ వచ్చినప్పుడు అజాన్ ఆగాలి కదా, అందుకు' అని కొన్ని యాప్‌లు సంజాయిషీ ఇస్తాయి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పాట వాయించే యాప్ కాల్ రాగానే ఏ ఇజాజత్ లేకుండానే ఆగుతుంది. ఆ ఏర్పాటు ఆండ్రాయిడ్‌లోనే ఉంది, అజాన్ యాప్ కూడా దాన్నే వాడుకోవచ్చు. `Phone` ఇస్తే మీ నంబర్ చదివే వీలు కూడా అందులోనే రావచ్చు. 2022లో పట్టుబడిన కోడ్ పోగుచేసినవాటిలో ఫోన్ నంబర్లు ఉన్నాయని పైన చెప్పాను. లొకేషన్ ఒక్కటే ఉంటే అది ఎవరో పేరు తెలియని మనిషి నడక. దాని పక్కన నంబర్ చేరితే అది ఫలానా ఇంటి ఫలానా మనిషి నడక అవుతుంది.

`Contacts` గురించి తర్వాత చెబుతాను. `Microphone` మాత్రం యాప్‌ని బట్టి ఉంటుంది. మీ తిలావత్ విని తప్పులు చెప్పే యాప్‌కి మైక్ లేకపోతే పనే లేదు. అక్కడ అది జాయజే, వాడేటప్పుడు మాత్రమే ఇవ్వాలి. వేళలు చెప్పే యాప్ అదే మైక్ అడిగితే ఎందుకని అడగాలి. పేరు ఒకటే అయినా ఇజాజత్ ఒక చోట సబబు, ఇంకో చోట కాదు. ఫలానావి ప్రమాదకరం, ఫలానావి కావు అని వాట్సాప్‌లో తిరిగే పట్టికల మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే.

విచిత్రమేమిటంటే, ఇవ్వాల్సినవి మనవాళ్లు ఇవ్వరు. ఫజర్ అజాన్ మోగడం లేదని ఫిర్యాదు చేసే ఫోన్ తీసి చూస్తే లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది, `Notifications` మాత్రం ఆఫ్‌లో ఉంటుంది. ప్రకటనలు విసిగిస్తున్నాయని ఎవరో ఆపేసి ఉంటారు. అజాన్ సమయానికి మోగాలంటే కావాల్సినవి మూడు. నోటిఫికేషన్ ఒకటి. `Alarms & reminders` రెండోది, సరిగ్గా ఆ నిమిషానికే మోగే హక్కు అది. మూడోది బ్యాటరీ సెట్టింగ్‌లో `Unrestricted`, లేకపోతే రాత్రంతా కదలని ఫోన్ యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది. రెడ్‌మీ లాంటి ఫోన్లలో `Autostart` అని ఇంకొకటి ఉంటుంది. వీటిలో ఏదీ మీరు ఎక్కడున్నారో, ఎవరితో మాట్లాడారో చెప్పదు. వీటిని ఇవ్వడంలో వచ్చే నష్టం కొంచెం బ్యాటరీ, కొన్ని ప్రకటనలు. భయపడి అన్నీ ఆపేసినవాడూ, ఆలోచించకుండా అన్నీ ఇచ్చేసినవాడూ ఇద్దరూ తనిఖీ చేయనివాళ్లే. ఒకడికి అజాన్ వినపడదు, ఒకడి జాడ బజార్లో ఉంటుంది.

మా వీధిలో ఒక చాచా ఈ విషయం మీద నాతో వాదించారు. 'బేటా, మనం దాచుకునేదేముంది? ఇంటి నుంచి మస్జిద్‌కి, మస్జిద్ నుంచి ఇంటికి. చూసుకోనీ' అన్నారు. నిజమే, మస్జిద్‌కి వెళ్లడం రాజ్ కాదు, ఊరంతా చూస్తుంది. కానీ ఊరు చూసేది ఒక్కో రోజు ఒక్కో ముక్క. ఏడాది పొడవునా రోజుకు ఐదుసార్లు గీసిన గీత ఎవరి దగ్గరా ఉండదు. ఆ గీతలో మీ ఇల్లు ఏదో, ఇల్లు ఏ వేళ ఖాళీగా ఉంటుందో, ఏ జుమా మీరు వేరే ఊళ్లో ఉన్నారో, ఏ డాక్టర్ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారో అన్నీ ఉంటాయి. అదే యాప్ ఇంట్లో కోడలి ఫోన్‌లోనూ, కాలేజీకి బస్సెక్కే మనవరాలి ఫోన్‌లోనూ ఉంది. పర్దా గురించి గంటలు గంటలు మాట్లాడే మగవాళ్లు ఆ పిల్ల రోజూ ఏ బస్టాప్‌లో ఎన్ని గంటలకు నిలబడుతుందో తెలియనివాళ్లకు తెలిసే ఏర్పాటును ఆమె ఫోన్‌లో తామే చేసిపెడుతున్నారు.

ఇప్పుడు `Contacts`. లొకేషన్ నాది, ఇచ్చినా నష్టం నాది అని ఒకవేళ అనుకోవచ్చు. నా ఫోన్‌లోని నంబర్లు నావి కావు. ఫుప్పూ నంబర్, భాభీ నంబర్, మద్రసాలో పిల్లల తల్లుల నంబర్లు, ఇవన్నీ నమ్మకంతో నాకు ఇచ్చినవి. అమానత్. అమానత్‌ని ఇంకొకరికి ఇచ్చే ఇఖ్తియార్ నాకు లేదు. అది ఎక్కడికి దారితీస్తుందో మన రాష్ట్రం చూసింది. అప్పు యాప్‌ల వాళ్లు కాంటాక్టులు లాక్కుని, మార్ఫింగ్ చేసిన ఫొటోలు బంధువులకు పంపుతామని బెదిరించిన కేసులు ఎన్నో వచ్చాయి. 2022 సెప్టెంబర్‌లో రాజమహేంద్రవరంలో ఆ వేధింపులు తట్టుకోలేక ఒక జంట ప్రాణాలు తీసుకుంది. ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. అదే నెలలో రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ అప్పుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్లు ముట్టకూడదని, కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి కేవైసీ కోసం ఒక్కసారి, అదీ అడిగి తీసుకోవచ్చని అందులో ఉంది. కాబట్టి ఈరోజు కాంటాక్టులు అడిగే అప్పు యాప్ ఎదురైతే దాని గురించి ఇంకేమీ తెలుసుకోనక్కర్లేదు.

అజాన్ యాప్ కాంటాక్టులు అడిగితే అది సాధారణంగా 'దోస్తులను ఆహ్వానించండి' అన్న సాకుతో అడుగుతుంది. లింక్ ఒకటి వాట్సాప్‌లో పెడితే అయిపోయే పనికి నాలుగు వందల మంది నంబర్లు ఎందుకు? ఇదే తర్కాన్ని 2023లో వచ్చిన మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఒక ఉదాహరణగా రాసుకుంది. వైద్యం యాప్ ఒకటి చికిత్సకు సమ్మతి అడుగుతూ దానితోపాటు కాంటాక్టులకూ అడిగితే, మనిషి రెంటికీ సరేనన్నా సమ్మతి చికిత్సకే పరిమితమని, వైద్యానికి కాంటాక్టులు అక్కర్లేదని అందులో ఉంది. మీరు సరే అని నొక్కినా అనవసరమైనది అనవసరమే. చట్టం ఒప్పుకున్న ఈ మాటను మన ఇళ్లలో ఒప్పుకోవడానికి మొహమాటం దేనికి?

ఈ తనిఖీకి హద్దులు ఉన్నాయి. ఇంటర్నెట్ వాడటానికి యాప్ మిమ్మల్ని ఇజాజత్ అడగదు, పెట్టుకున్నప్పుడే వచ్చేస్తుంది. అందువల్ల లొకేషన్ ఆపినా మీరు దాదాపు ఏ ఊరి చుట్టుపక్కల ఉన్నారో నెట్ కనెక్షన్‌ని బట్టి దానికి అంచనా దొరుకుతుంది. లోపల ఎవరి కోడ్ ముక్కలు ఉన్నాయో `Permissions` పేజీలో కనపడదు. ప్లే స్టోర్‌లో `Data safety` అని రాసి ఉండేది యాప్ వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాట. గూగుల్ ఒక్కొక్కటీ విప్పి చూసి ఇచ్చిన సనదు కాదు. కాబట్టి చదవండి, కానీ చదివి నిశ్చింతగా ఉండకండి. మన చేతిలో ఉన్న గట్టి ఉపాయం ఒకటే, ఇవ్వకపోవడం. ఇవ్వని లొకేషన్‌ని ఏ ఎస్‌డీకే అయినా అమ్మడం కష్టం.

మస్జిద్ కమిటీల వాట్సాప్ గ్రూపుల్లో రమజాన్ ముందు 'ఈ యాప్ వేసుకోండి' అని లింకులు వస్తాయి. పేష్ ఇమామ్ సాబ్ పేరు మీద వచ్చిన లింకును ఎవరూ ప్రశ్నించరు. ఆ భరోసా ఎంత పెద్దదో పంపేవారు గుర్తుంచుకోవాలి. లింకుతోపాటు ఊరు చేత్తో ఎంచుకోండి, లొకేషన్ అక్కర్లేదు, అసర్ హనఫీ పెట్టుకోండి అని మూడు ముక్కలు రాస్తే ఆ గ్రూపులోని రెండు వందల ఇళ్లకు తనిఖీ సగం అయిపోయినట్టే. లింక్ ప్లే స్టోర్‌ది కాకుండా నేరుగా ఫైల్ రూపంలో, పేరు చివర `.apk` అని వస్తే మాత్రం ఎవరు పంపినా తెరవకండి. పెళ్లి దావత్‌నామా పేరుతో కూడా అలాంటివి తిరుగుతున్నాయి. వాటికి కావాల్సింది మీ ఎస్సెమ్మెస్‌లు, అంటే బ్యాంకు పంపే ఓటీపీ.

సెట్టింగులు మార్చాక రెండు మూడు రోజులు ఆగి `Settings`లో `Privacy` తెరిచి `Privacy dashboard` చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఇది ఉంది. ఏ యాప్ ఏ వేళకు లొకేషన్, మైక్, కెమెరా వాడిందో గంటలతో సహా హిసాబ్ చూపిస్తుంది. మీరు అజాన్ యాప్ తెరిచిన వేళలే అందులో ఉంటే సరే. ఇంట్లో అందరూ పడుకున్న రాత్రి రెండు గంటలకో, మీరు దాన్ని ముట్టని మధ్యాహ్నమో దాని పేరు కనిపిస్తే మళ్లీ `Location`లోకి వెళ్లి చూడండి. `Allow all the time` తిరిగి వచ్చి ఉంటే, ఆ యాప్‌ని తీసేసి గోడ మీది జంత్రీ చూసుకోండి, ఇంకో యాప్ దొరికేదాకా.